నెమలికంఠం చీర ఫొటో చూశాను, విను

చిన్నీ,

పెళ్ళికి వెళ్ళడానికి ఈ చీర కట్టుకుని, ఎలా ఉందో చెప్పమని నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి నిదానంగా చూశాను. ముందుగా ఒక మాట: చీర మార్చకు. ఆ నెమలికంఠం రంగు, మెరూన్ అంచు నీకు నప్పినంతగా నువ్వు పక్కన పెట్టుకున్న మరో రెండు చీరలూ నప్పవు. కాబట్టి చీర గురించి టెన్షన్ వద్దు. జాకెట్టు మాత్రం మార్చాలి, మెడలో ఒక నగ తీసేయాలి, కట్టు సరిచేసుకోవాలి. అన్నిటికంటే ఎక్కువ పని కట్టుతోనే ఉంది, అందుకే అక్కడినుంచి మొదలుపెడుతున్నాను. నువ్వు అద్దంలో తీసిన ఫొటో కదా, కుడి ఎడమలు తారుమారై కనిపిస్తున్నాయి. నేను చెప్పే కుడి, ఎడమ నీ ఒంటి లెక్కన.

చీర కట్టేటప్పుడు చెప్పులు వేసుకోలేదు నువ్వు. ఒట్టి కాళ్ళతో ఉన్నా ఎడమ చీలమండ కనిపిస్తోంది. పెళ్ళికి హీల్స్ వేస్తే అంచు ఇంకా పైకి పోతుంది. ముందు చెప్పులు వేసుకో, ఆ తర్వాతే మొదటి చుట్టు దోపు. అంచు నేలకి తగిలీ తగలనట్టు ఉండాలి, ముందే కాదు వెనక కూడా. వెనక పైకి లేస్తే నడుస్తున్నప్పుడు అందరికీ కనిపిస్తుంది, నీకు తప్ప.

పైట పొట్టిగా వచ్చింది, తుంటి దగ్గరే ఆగిపోయింది. చీర పొడవు చాలక కాదు, కుచ్చిళ్ళు ఎక్కువ పెట్టావు. లెక్కపెడితే తొమ్మిది వచ్చాయి. అయిదు అంగుళాల కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ పది అంగుళాల బట్ట తింటుంది. రెండు తగ్గిస్తే ఇరవై అంగుళాలు పైటకి వెళ్తాయి, చెంగు మోకాలి వెనకదాకా దిగుతుంది. ఈ చీరకి అసలు అందం ఆ చెంగులోనే ఉంది, దాన్ని దాచుకోవడం ఎందుకు? ఏడు కుచ్చిళ్ళతో నడకకీ ఇబ్బంది ఉండదు. పట్టు కొంచెం బిరుసుగా ఉన్నట్టుంది, కింద కుచ్చిళ్ళు విసనకర్రలా విచ్చుకున్నాయి. ముందు రోజే కుచ్చిళ్ళు మడిచి, మీద పలుచని నూలు గుడ్డ వేసి, తక్కువ వేడిలో ఇస్త్రీ చేసి ఉంచుకో. జరీ మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకు. దోపాక అన్నీ ఎడమవైపు తిరిగి ఉన్నాయో లేదో చూసుకుని, లోపలివైపు నుంచి లంగాకి ఒక పిన్ పెట్టు.

నడుం దగ్గర ముందు ఉబ్బుగా కనిపిస్తున్నది పొట్ట కాదులే, లంగా బొందు ముడి. దాన్ని పక్కకి జరుపు. ఆ శాటిన్ లంగా కూడా వద్దు, జారుతుంది. నూలు లంగా అయితే దోపింది దోపినట్టు ఉంటుంది.

ఇక భుజం. పైట మడతలు ఒకదానికొకటి సమానంగా లేవు, అంచు లోపలి మడతలోకి వెళ్ళిపోయింది. అన్నిటికంటే పైన అంచు ఉండే మడతే కనిపించాలి. నువ్వు పిన్ భుజం పైన, ముందువైపు పెట్టావు, అందుకే జాకెట్టు మెడ ఒక పక్కకి లాగినట్టుంది. పిన్ కొంచెం వెనక్కి, భుజం కుట్టుకి అవతల పెట్టు. పిన్‌లోకి ముందుగా ఒక చిన్న పూస ఎక్కిస్తే బట్ట పిన్ చుట్టలో ఇరుక్కుని చిరగదు. అది అయ్యాక, కుడి నడుం నుంచి ఛాతీ మీదుగా వెళ్ళే బట్ట వేలాడుతోంది కదా, దాని పైఅంచు పట్టుకుని వెనక్కి లాగు. మిగిలిన వదులుని కుచ్చిళ్ళ పక్కన ఒక చిన్న మడతగా చేసి దోపేయి. నీ ఫొటోలో సగం మార్పు ఈ ఒక్క పనితో వస్తుంది.

జాకెట్టు సంగతి. బంగారు రంగు బ్రొకేడ్ జాకెట్టు దేనికైనా నప్పుతుందని అంటారు, ఈ చీరకి నప్పలేదు. చీర జరీ యాంటిక్, కాస్త మట్టి రంగు కలిసిన మెరుపు. జాకెట్టు నిమ్మపసుపు మెరుపు. పక్కపక్కన పెట్టేసరికి చీర జరీ వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. పైగా చీరలో బుటాలు, జాకెట్టులో పువ్వులు, కంటికి ఎక్కడా విశ్రాంతి లేదు. వెనక మంచం మీద ఒక మెరూన్ పట్టు జాకెట్టు కనిపిస్తోంది చూడు, మోచేతి వరకు చేతులున్నది. నా ఓటు దానికే. నెమలికంఠం రంగు పడుగులో ఒక రంగు, పేకలో ఇంకో రంగు కలిపి నేస్తే వచ్చేది, అందుకే కదిలినప్పుడల్లా నీలం, ఆకుపచ్చ మారుతుంటాయి. నీలం జాకెట్టో ఆకుపచ్చదో తెచ్చి కలుపుదామంటే ఒక వెలుతురులో కలుస్తుంది, ఇంకో వెలుతురులో తేడా కొడుతుంది. అంచు రంగు తీసుకుంటే ఆ గొడవ లేదు. కానీ ఈ ఫొటో ట్యూబ్ లైట్ కింద తీసింది, రంగు నమ్మలేను. పగలు కిటికీ దగ్గర అంచునీ జాకెట్టునీ కలిపి చూడు. అంచు కంటే ఒక ఛాయ ముదురుగా ఉన్నా పర్వాలేదు. ఎరుపువైపు తేలిపోయి ఉంటే మాత్రం వద్దు, నాకు చెప్పు, వేరే ఆలోచిద్దాం.

నగల్లో, కాసులపేరు చాలా బాగుంది. దాని పైన తెల్లరాళ్ళ చోకర్ ఎందుకు పెట్టావు? విడిగా చూస్తే అదీ మంచిదే. కానీ ఒకటి పాత బంగారం రంగు, ఇంకోటి తెల్లగా మెరిసేది, రెండూ ఒక మెడలో పోట్లాడుకుంటున్నాయి. చోకర్‌ని రిసెప్షన్‌కి, వేరే చీర మీదికి దాచుకో. ముహూర్తానికి కాసులపేరు ఒక్కటే వేసుకో. అది పైట మడతల కింద నలగకుండా, పైట పిన్ పెట్టాకే మెడలో వేసుకో. వడ్డాణం పెట్టుకోనా అని అడిగావు. నా మటుకు వద్దంటాను. నీ నడుం దగ్గర అంచు ఇప్పటికే వెడల్పు, దాన్ని కప్పేస్తుంది. అతిథిగా వెళ్ళే దానివి, రోజంతా వంగి లేస్తూ కూర్చుంటావు, అది గుచ్చుకుంటూనే ఉంటుంది. పెళ్ళికూతురికే వదిలేద్దాం దాన్ని. పాపిటబిళ్ళ కూడా అక్కర్లేదు.

బుట్టలు ఉంచు, కానీ చెవి తమ్మె కిందికి సాగుతోంది, బరువున్నట్టుంది. మాటీలు పెట్టుకుని జడలోకి తగిలిస్తే బరువు పంచుకుంటాయి, చెంప పక్కన అందంగానూ ఉంటాయి. చేతికి రెండు బంగారు గాజుల మధ్య మెరూన్ మట్టిగాజులు చాలు, ఆకుపచ్చ కలిపితే కూడా బాగుంటుంది. కుడి చేతి రబ్బరు పట్టీ వాచీ ఆ రోజుకి ఇంట్లో పెట్టు.

ఫొటోలో జుట్టు వదిలేశావు. కాసులపేరు వెనక తాడు జుట్టులో చిక్కుకుంటుంది, పైట పిన్‌కి కూడా తగులుతుంది. జడ వేసుకుని పూలు పెట్టుకో, లేదా కిందకి ముడి వేయి. బొట్టు నువ్వు పెట్టిన సైజే బాగుంది, రంగు ఒక్కటి మెరూన్‌కి మార్చు.

రేపు పగలు కిటికీ వెలుతురులో మెరూన్ జాకెట్టుతో ఇంకోసారి కట్టుకుని మూడు ఫొటోలు పంపు: ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి, కుర్చీలో కూర్చుని ఒకటి. ఫ్లాష్ వేయకు. చెప్పులు వేసుకునే కట్టు. కూర్చున్న ఫొటోలో కుచ్చిళ్ళు ఎలా పడుతున్నాయో చూశాక, చెంగుని వదిలేయాలో ఎడమ చేతి మీద వేసుకోవాలో చెబుతాను.

పిన్ని