డీహైడ్రేషన్ కుక్కకి ఫ్లూయిడ్ లెక్క: మెయింటెనెన్స్, డెఫిసిట్, చుక్కల రేటు

(స్మాల్ యానిమల్ మెడిసిన్ రివిజన్. పోస్టింగ్ నెల్లూరు జిల్లాలో, ఇన్ఫ్యూజన్ పంప్ లేని చోట. అందుకే లెక్క నిమిషానికి చుక్కల దాకా తీసుకెళ్ళాలి.)

కేసు: కావలి దగ్గర పల్లె నుంచి వచ్చిన నాటు కుక్క, మగది, ఏడాదిన్నర. తూకం 12 కిలోలు. రెండు రోజులుగా వాంతులు, నీళ్ళ విరేచనాలు, తిండి లేదు. మే నెల ఎండ. చర్మం మడత మెల్లగా దిగుతోంది, చిగుళ్ళు జిగురుగా ఉన్నాయి, కళ్ళు కాస్త లోపలికి పోయాయి, సీఆర్‌టీ 2 సెకన్ల పైన. నాడి బలంగానే ఉంది, కాళ్ళు చల్లబడలేదు. డీహైడ్రేషన్ 8 శాతంగా తీసుకున్నాం.

ముందు తేల్చాల్సింది: షాకా, డీహైడ్రేషనా?

రెండూ ఒకటి కావు. డీహైడ్రేషన్‌లో కణాల మధ్య, కణాల లోపల నీరు తగ్గుతుంది. దాన్ని గంటల మీద నింపొచ్చు. హైపోవొలీమియాలో రక్తనాళాల్లోనే పరిమాణం పడిపోతుంది. దానికి నిమిషాల్లో పని జరగాలి. గుండె వేగం బాగా ఎక్కువ, నాడి సన్నం, చిగుళ్ళు పాలిపోయి, కాళ్ళు చల్లగా, కుక్క మత్తుగా ఉంటే కింద రాసిన లెక్క పక్కన పెట్టి ముందు బోలస్ ఇవ్వాలి: కిలోకి 15 నుంచి 20 మి.లీ. క్రిస్టలాయిడ్, 15–20 నిమిషాల్లో. తర్వాత మళ్ళీ చూడాలి, అవసరమైతే మళ్ళీ ఇవ్వాలి. 12 కిలోలకి 15 చొప్పున 180 మి.లీ. ఇది 15 నిమిషాల్లో పోవాలంటే గంటకి 720 మి.లీ. వేగం. అక్కడ చుక్కలు లెక్కపెట్టే ప్రశ్నే లేదు. రోలర్ పూర్తిగా తెరిచి, బాటిల్ ఎత్తులో కట్టాలి, లేదంటే 50 మి.లీ. సిరంజితో తోయాలి. నీలం రంగు 22 గేజ్ క్యాన్యులాలో వేగం తగ్గుతుంది. ఈ సైజు కుక్కకి గులాబీ రంగు 20 గేజ్ ఎక్కుతుంది, అదే వేయాలి.

మన కేసులో షాక్ లేదు. నేరుగా లెక్కకి పోవచ్చు.

శాతం అంచనా

5 శాతం లోపు చేతికి తెలియదు, చరిత్ర చూసి అనుకోవడమే. 5–6 దగ్గర చర్మం సాగే గుణం కొంచెం తగ్గుతుంది. 6–8లో మడత నెమ్మదిగా దిగుతుంది, నోరు పొడిబారుతుంది. 8–10లో కళ్ళు లోపలికి పోతాయి, సీఆర్‌టీ పెరుగుతుంది. 10–12లో మడత పట్టుకుంటే అలాగే నిలబడిపోతుంది, షాక్ లక్షణాలు మొదలవుతాయి. 12 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

ఈ గీతలు కచ్చితమైనవి కావు. ఒకే కుక్కని చూసి ఇద్దరు 6 అనీ 9 అనీ అనడం మామూలే. మోసం చేసే సందర్భాలు కూడా తెలియాలి. బక్కచిక్కిన కుక్కకీ ముసలి కుక్కకీ నీరు సరిపడా ఉన్నా మడత నిలుస్తుంది. లావు కుక్కలో చర్మం కింద కొవ్వు వల్ల 8 శాతం కూడా బయటపడదు. ఎండకి వగర్చే కుక్క నోరు ఊరికే ఎండిపోతుంది. వాంతి వచ్చేలా ఉన్న కుక్కకి చొంగ కారి నోరు తడిగా కనిపిస్తుంది. మెడ మీద చర్మం ఎప్పుడూ వదులే, కాబట్టి మడత ఛాతీ పక్కన పట్టి చూడాలి. పీసీవీ, టోటల్ ప్రోటీన్ ఫ్లూయిడ్ ఎక్కించకముందే తీసి పెట్టుకోవాలి. ఒకసారి సెలైన్ ఎక్కాక ఆ అంకెలు పోల్చడానికి పనికిరావు.

మూడు భాగాలు, మూడు గడియారాలు

తప్పులన్నీ ఇక్కడే పుడతాయి. డెఫిసిట్ అంటే ఇప్పటికే పోయినది. దాన్ని మనం ఎంచుకున్న గంటల్లో (12 నుంచి 24) పూడ్చాలి. మెయింటెనెన్స్ రోజు మొత్తానికి కావాల్సింది, ఎప్పుడూ 24 తోనే భాగించాలి. మూడోది ఇంకా పోతూ ఉన్నది: వైద్యం మొదలయ్యాక అయ్యే వాంతులు, విరేచనాలు. ఒక్కోదాన్ని విడిగా గంటకి ఎంతో తేల్చి, ఆ తర్వాతే కూడాలి.

డెఫిసిట్ (మి.లీ.) = బరువు (కిలోలు) × శాతం × 10
12 × 8 × 10 = 960 మి.లీ.

ఆ 10 ఎక్కడిదంటే, శాతానికి 100తో భాగించి, లీటరుని మి.లీ. చేయడానికి 1000తో గుణించగా మిగిలింది. పరీక్షలో తొందరలో దాన్ని వదిలేస్తే 96 మి.లీ. వస్తుంది. 12 కిలోల కుక్క రెండు రోజులు కక్కి పోగొట్టుకున్నది టీ గ్లాసుడు కాదని అంకె చూడగానే అనిపించాలి.

మెయింటెనెన్స్ దగ్గర పుస్తకానికొక సూత్రం. ఇదే కుక్కకి వేసి చూస్తే:

30 × 12 + 70 = రోజుకి 430 మి.లీ.
కిలోకి 40–60 మి.లీ. = 480 నుంచి 720 మి.లీ.
132 × (బరువు 0.75 ఘాతం, అంటే 6.45) = సుమారు 851 మి.లీ.

ఒకే కుక్కకి 430 నుంచి 851 దాకా! కంగారు అక్కర్లేదు. మొదటిది విశ్రాంతిలో ఉన్న జంతువు శక్తి అవసరం నుంచి వచ్చిన సూత్రం, 2 నుంచి 45 కిలోల మధ్యే వాడాలి. మూడోది ఉదారమైన అంచనా. ఏది వాడామో జవాబు మొదట్లోనే రాస్తే మార్కులు పోవు. వార్డులో మధ్యలో ఉన్న కిలోకి 50 తీసుకోవడం సుఖం: 12 × 50 = 600 మి.లీ., గంటకి 25.

ఇంకా పోయేది: ఇప్పటి వాంతులు, విరేచనాలు చూసి రోజుకి 240 మి.లీ. అనుకున్నాం, గంటకి 10. కింద పరిచే గుడ్డని ముందూ తర్వాతా తూచితే అంచనా మెరుగవుతుంది, 1 గ్రాము 1 మి.లీ. కింద లెక్క.

రేటు

డెఫిసిట్ 12 గంటల్లో పూడ్చాలనుకుంటే 960 ÷ 12 = 80.

మొదటి 12 గంటలు: 80 + 25 + 10 = గంటకి 115 మి.లీ.
తర్వాతి 12 గంటలు: 25 + 10 = గంటకి 35 మి.లీ.

సరిచూపు: 115 × 12 = 1380, 35 × 12 = 420, మొత్తం 1800. విడిగా 960 + 600 + 240 కూడా 1800. సరిపోయింది. ఈ సరిచూపు వదలొద్దు.

చాలామంది చేసే పొరపాటు: 960 + 600 కలిపేసి 12తో భాగించడం. గంటకి 130 వస్తుంది. రోజంతటి మెయింటెనెన్స్ సగం రోజులోనే పోసేసినట్టు, సాయంత్రానికి లెక్క ప్రకారం ఇవ్వాల్సింది ఏమీ మిగలదు. ఆ 130లో ఇంకా పోయేది కలపనేలేదు, అది వేరే సంగతి.

గుండె జబ్బు ఉన్నా, ముసలిదైనా, లోటు నెమ్మదిగా ఏర్పడినా 24 గంటలు తీసుకోవాలి: 40 + 25 + 10 = గంటకి 75. గుండె కేసులో ఆ 75 కూడా ఎక్కువే కావచ్చు.

మొదట బోలస్ ఇచ్చి ఉంటే ఆ 180ని డెఫిసిట్‌లోంచి తీసేయడం నాకు నచ్చిన పద్ధతి. క్రిస్టలాయిడ్‌లో చాలా భాగం గంట తిరక్కముందే నాళాల బయటికి పోతుంది, అంటే పూడ్చాల్సిన చోటికే చేరుతుంది. అప్పుడు 780 ÷ 12 = 65, మొత్తం గంటకి 100. తీసేయని వాళ్ళూ ఉన్నారు. ఏం చేశామో కేస్‌షీట్‌లో రాయాలి.

చుక్కలు

నిమిషానికి చుక్కలు = గంటకి మి.లీ. × సెట్ చుక్కల సంఖ్య ÷ 60

మామూలు సెట్‌కి ఎక్కువగా 20 చుక్కలు 1 మి.లీ., కానీ కవరు మీద చదవాలి, 15వి కూడా ఉంటాయి. మైక్రో సెట్‌కి 60. కాబట్టి 20 సెట్ అయితే గంట రేటుని 3తో భాగిస్తే చాలు, మైక్రో అయితే గంట రేటే చుక్కల సంఖ్య.

115 ÷ 3 = 38 చుక్కలు. 15 సెకన్లలో 9 లేదా 10 పడాలి. మైక్రో సెట్‌తో నిమిషానికి 115, కంటికి అందవు. రెండో దశకి తిరగేసి చూడండి: 35 ÷ 3 = 12 చుక్కలు, అంత తక్కువలో రోలర్ నిలవదు, మైక్రో మీద 35 హాయిగా లెక్కకి వస్తాయి. కాబట్టి 12 గంటల దగ్గర సెట్ మార్చేయడమే మేలు.

అయినా చుక్కల్ని నమ్మి కూర్చోకూడదు. కుక్క ముందుకాలు మడిస్తే సెఫాలిక్ వెయిన్‌లో క్యాన్యులా నొక్కుకుపోయి డ్రిప్ ఆగుతుంది, చాపితే వేగం అందుకుంటుంది. బాటిల్ మీద ప్లాస్టర్ పట్టీ అంటించి గంటగంటకీ మట్టం గీయాలి. 500 మి.లీ. బాటిల్ గంటకి 115 చొప్పున సుమారు 4 గంటల 20 నిమిషాలు రావాలి. రెండు గంటల్లో ఖాళీ అయితే ఎవరో రోలర్ ముట్టుకున్నట్టే. కుక్క యజమానికి కూడా "అన్నా, ఇది తిప్పొద్దు, ఆగిపోతే నన్ను పిలువు" అని చెప్పి పెట్టాలి.

ఏ ఫ్లూయిడ్, పొటాషియం ఎంత

ఈ కేసుకి ఆర్‌ఎల్. పూర్తిగా పైనుంచి వాంతులే ఎక్కువై క్లోరైడ్ పోయిన కేసులో 0.9% సెలైన్. ఒట్టి 5% డెక్స్‌ట్రోజ్‌తో డెఫిసిట్ పూడ్చకూడదు, చక్కెరని శరీరం వాడేసుకున్నాక మిగిలేది మంచినీళ్ళే, సోడియం పడిపోతుంది. ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంది, కాబట్టి బైకార్బొనేట్ కలపొద్దు, రక్తం ఎక్కించే లైన్‌లో వాడొద్దు.

తిండి లేక, విరేచనాలతో పొటాషియం తగ్గుతుంది. మూత్రం వస్తోందని చూశాకే కలపాలి. లీటరుకి 20 ఎంఈక్యూ మొదలు. మన కేసీఎల్ ఆంప్యూల్ 15%, 10 మి.లీ.లో 20 ఎంఈక్యూ, కాబట్టి 500 బాటిల్‌కి 5 మి.లీ. కలిపాక బాటిల్‌ని బాగా తిరగేసి కలియబెట్టాలి, లేకపోతే అడుగున నిలిచి మొదటే గాఢంగా పోతుంది. హద్దు: కిలోకి గంటకి 0.5 ఎంఈక్యూ. ఆర్‌ఎల్‌లో ఉన్న 4తో కలిపి 24 × 0.115 = గంటకి 2.76, 12తో భాగిస్తే 0.23. పర్వాలేదు. లీటరుకి 60 కలిపితే ఇదే రేటులో 0.6 దాటుతుంది, అంటే హద్దు మీరినట్టే. కేసీఎల్ కలిపిన బాటిల్‌ని బోలస్‌గా ఎప్పుడూ తెరవకూడదు, గుండె ఆగుతుంది. బాటిల్ మీద పెద్ద అక్షరాలతో రాయాలి.

మళ్ళీ చూడటం

8 శాతం అనేది అంచనా కాబట్టి లెక్క మొత్తం అంచనాయే. దాన్ని సరిదిద్దేది తక్కెడ. 960 మి.లీ. నిలిస్తే 12 గంటలకి బరువు 13 కిలోల దగ్గరికి రావాలి. 12.2 దగ్గరే ఉంటే బయటికి పోయేది మనం అనుకున్నదాని కన్నా ఎక్కువ, లేదా ఫ్లూయిడ్ నరంలోకి కాక చర్మం కిందికి పోతోంది, కాలు వాచిందేమో చూడాలి. 13.5 అయితే ఎక్కువైంది. ఒకే తక్కెడ వాడాలి.

మూత్రం కిలోకి గంటకి 1–2 మి.లీ. ఉండాలి, మనకి గంటకి 12–24. ఊపిరి వేగం పెరగడం, ముక్కునుంచి పల్చటి నీరు, కనురెప్పల లోపొర ఉబ్బడం, వణుకు, కుదురు లేకపోవడం కనిపిస్తే డ్రిప్ ఆపి ఊపిరితిత్తులు వినాలి. మూత్రం రాకుండా బరువు మాత్రం పెరుగుతుంటే ఇంకా పోయడం ప్రమాదం.

పార్వో పిల్ల కేసు అడిగితే

3 కిలోలు, 10 శాతం. డెఫిసిట్ 300 మి.లీ. పిల్లకి మెయింటెనెన్స్ ఎక్కువ, కిలోకి 100 తీసుకుంటే 300, గంటకి 12.5. ఇంకా పోయేది గంటకి 5 అనుకుంటే, 12 గంటల్లో 25 + 12.5 + 5 = 42.5, మైక్రో సెట్ మీద 42 చుక్కలు. బురెట్ సెట్ ఉంటే అదే కట్టాలి, గంటకి సరిపడా మాత్రమే నింపితే మర్చిపోయినా 500 మొత్తం పోదు. చక్కెర పడిపోతుంది కాబట్టి గ్లూకోజ్ చూసి, ఆర్‌ఎల్ బాటిల్‌లోంచి 50 మి.లీ. తీసేసి 25% డెక్స్‌ట్రోజ్ 50 మి.లీ. కలిపితే 2.5% అవుతుంది.

డ్రిప్ ఒక్కసారిగా పీకేయకూడదు. వాంతులు ఆగి నీళ్ళు తాగడం మొదలైతే రేటు సగం చేసి, ఆ రోజంతా బరువు నిలిచిందో లేదో చూసి, అప్పుడు ఆపాలి.