గంతులు దాచిన సీతాఫలాలు

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం యానిమేషన్ కథ
నిడివి: సుమారు 5 నిమిషాలు

పాత్రలు: గంతులు (కోతిపిల్ల), తోకమ్మ (ఉడుత), తాబేలు తాత, మల్లి (ఆరేళ్ల పాప), అవ్వ (మల్లి నాయనమ్మ), కథ చెప్పే గొంతు.

బొమ్మలు గీసేవారికి: గంతుల్ని ఎక్కడా చెడ్డ కోతిలా గీయొద్దు. రేపు తినడానికి ఉంటుందో ఉండదో అని దానికి భయం, అంతే. చిన్నపిల్లలకు ఆ భయం బాగా తెలుసు. కథలో ఎవరూ దాన్ని తిట్టరు, ఎవరూ నీతులు చెప్పరు.

దృశ్యం 1: పాకాల చెరువు పక్కన గుట్ట, పొద్దున

(చెరువు నిండా నీళ్లు. గుట్టంతా పచ్చగా ఉంది. తంగేడు పూలు పసుపు చల్లినట్టు మెరుస్తున్నాయి.)

గొంతు: వరంగల్ దగ్గర పాకాల చెరువు ఉంది. కాకతీయ రాజుల కాలం నాటి పెద్ద చెరువు! ఆ పక్క గుట్ట మీద ఒక కోతిపిల్ల ఉంది. పేరు గంతులు. ఎందుకా పేరు? మీరే చూడండి!

(గంతులు ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి దూకుతుంది. దూకి, దూకి, సీతాఫలం చెట్టు ముందు ఆగుతుంది.)

గంతులు: అబ్బో! ఎన్ని కాయలో!

(ఒక కాయను ముట్టుకుంటుంది.)

గంతులు: ఊహూ, ఇది గట్టిది. కండ్లు తెరవలేదు. ఇదిగో, ఇది తెరిచింది! ఇదీ తెరిచింది!

(దగ్గరగా చూపించాలి: పండబోయే కాయ మీద గుబ్బల మధ్య సందులు విచ్చుకుని లేత పసుపు రంగులో కనిపిస్తాయి. మన దగ్గర పిల్లలు సీతాఫలాన్ని ఇలాగే గుర్తుపడతారు, కాబట్టి బొమ్మ సరిగ్గా రావాలి.)

గంతులు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు... ఐదు తర్వాత? చాలా!

(కాయలన్నీ కోసి, బండ కింద బొరియలో ఎండుగడ్డి పరిచి దాస్తుంది.)

గంతులు: ఇవన్నీ నావే. ఎవరికీ చెప్పను!

దృశ్యం 2: అదే చోటు, మధ్యాహ్నం

(గంతులు ఒక మెత్తటి పండు దొరికించుకుని నోట్లో కుక్కుకుంటుంది. కోతులకు బుగ్గల్లో సంచులుంటాయి కదా, రెండు బుగ్గలూ బూరెల్లా ఉబ్బుతాయి. అప్పుడే తోకమ్మ వస్తుంది.)

తోకమ్మ: గంతులూ, గంతులూ! సీతాఫలాలు చూశావా? చెట్టు మీద ఒక్కటీ లేదు.

గంతులు: (నోరు నిండుగా) గూగలేగు!

తోకమ్మ: ఏమంటున్నావు?

గంతులు: గూగలేగు! గేను గూగలేగు!

తోకమ్మ: చూడలేదా?

(గంతులు గట్టిగా తల ఊపుతుంది. నోట్లోంచి నల్లటి గింజ ఒకటి జారి, టక్కున బండ మీద పడుతుంది. ఇద్దరూ గింజను చూస్తారు. మూడు క్షణాలు నిశ్శబ్దం. ఇక్కడ సంగీతం పెట్టొద్దు. పిల్లలు నవ్వుకోవడానికి సమయం ఇవ్వాలి.)

తోకమ్మ: (నెమ్మదిగా) సరేలే. తాబేలు తాత కూడా అడిగాడు. ఆయన చెట్టెక్కలేడు కదా. వాసన పట్టుకుని నిన్నటి నుంచి గుట్ట ఎక్కుతూనే ఉన్నాడు.

(తోకమ్మ వెళ్లిపోతుంది. గంతులు గింజ మీద కాలు పెట్టి దాచేస్తుంది.)

దృశ్యం 3: సాయంత్రం, రాత్రి

(కింద మిగతా కోతిపిల్లలు మర్రి ఊడలు పట్టుకుని ఊగుతున్నాయి.)

కోతిపిల్లలు: గంతులూ, ఆడుకుందాం రా!

గంతులు: రాను! నాకు... నాకు పనుంది!

(బొరియకు అడ్డంగా కూర్చుంటుంది. ఆకు కదిలితే ఉలిక్కిపడుతుంది. కప్ప బెకబెకమంటే లేచి నిలబడుతుంది. కళ్లు మూతలు పడుతున్నా నిద్రపోదు.)

దృశ్యం 4: తెల్లవారింది

(ఫట్! అని చప్పుడు. ఒక పండు పగిలింది. ఫట్! ఇంకొకటి.)

గంతులు: అయ్యో! అన్నీ ఒకేసారి పండిపోయాయే!

(ఒక పండు గబగబా తింటుంది. ఇంకొకటి. మూడోది సగం తినేసరికి పొట్ట గుండ్రంగా ఉబ్బుతుంది. ఎర్ర చీమలు బారుగా బొరియ వైపు వస్తున్నాయి.)

గంతులు: ఇక పట్టదు... (చీమలతో) మీరు రావద్దు! నావి!

(చీమలు ఆగవు.)

దృశ్యం 5: తంగేడు చెట్ల దగ్గర

గొంతు: ఆ రోజు సద్దుల బతుకమ్మ. మల్లి, వాళ్ల అవ్వ పూల కోసం గుట్టకు వచ్చారు.

(మల్లి బుట్టలో తంగేడు, గునుగు, బంతి పూలు. చీమలతో గొడవపడి, నిద్రలేక, ఏడుపు ముఖంతో గంతులు బండ మీద కూర్చుంది.)

మల్లి: అవ్వా, ఆ కోతిపిల్ల ఎందుకట్ల కూర్చుంది?

అవ్వ: ఏమో బిడ్డా. అలిగిందేమో.

(అవ్వ సద్దిమూట విప్పుతుంది. అందులో మలీదముద్దలు రెండే ఉన్నాయి. ఒకటి తాను తీసుకుని, ఇంకొకటి మల్లికి ఇస్తుంది. మల్లి తన ముద్దను చూస్తుంది, గంతుల్ని చూస్తుంది. ముద్దను రెండుగా విరిచి ఒక ముక్క బండ మీద పెడుతుంది.)

మల్లి: తింటవా? బెల్లం వేసి చేసింది మా అమ్మ.

గంతులు: నాకా? నేనేం అడగలేదు కదా!

మల్లి: (సంబరంగా) అవ్వా! ఇది మాట్లాడుతుంది!

అవ్వ: మాట్లాడితే మాట్లాడనీ. ముందు తిననియ్యి.

గంతులు: నీది చిన్నదైపోయింది కదా. రేపు నీకు ఉండకపోతే?

మల్లి: రేపు అమ్మ మళ్లీ చేస్తది. నువ్వు చూస్తుంటే నేనొక్కదాన్నే ఎట్ల తినాలె?

(గంతులు ముక్క తీసుకుంటుంది. ఈసారి బుగ్గలో దాచుకోదు. మల్లి పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా నములుతుంది. ఈ షాట్ తొందరగా కట్ చేయొద్దు. గంతులు మనసు మారేది ఇక్కడే. అది ఎవరో చెప్పిన మాట వల్ల కాదని పిల్లలకు కనిపించాలి.)

గంతులు: మల్లీ, నీకు సీతాఫలం ఇష్టమా?

మల్లి: చాలా!

గంతులు: చీమలు తినకముందే రా! తోకమ్మా! తాబేలు తాతా! అందరూ రండి!

దృశ్యం 6: బండ దగ్గర

(గంతులు పగలని పండ్లన్నీ బయటపెడుతుంది. తోకమ్మ పరుగున వస్తుంది.)

గంతులు: తోకమ్మా, నిన్న నేను... చూశాను. నేనే దాచాను.

తోకమ్మ: గింజ చూసినప్పుడే నాకు తెలుసు! పెద్దది ఇటియ్యి!

(కోతిపిల్లలు వస్తాయి. చీమలకు పగిలిన పండ్లు వదిలేస్తారు. అందరూ తినబోతుండగా...)

గంతులు: ఆగండి! తాత ఇంకా రాలేదు.

(దూరంగా తాబేలు తాత, ఒక్కో అడుగు. అందరూ అటు చూస్తారు. ఇంకో అడుగు. గంతులు ఆగలేక, ఒక పండు తీసుకుని గెంతుకుంటూ ఎదురు వెళ్తుంది.)

తాబేలు తాత: (ఆయాసంగా) అయిపోయాయా నాయనా?

గంతులు: లేదు తాతా! ఇది నీ కోసమే. గింజలు మాత్రం మింగకు, ఉమ్మెయ్యి.

తాబేలు తాత: (తిని, కళ్లు మూసుకుని) అబ్బ! ఎంత తీపిరా!

(తాత గింజను తుపుక్కున ఉమ్ముతాడు. అది చాలా దూరం ఎగిరి మట్టిలో పడుతుంది.)

మల్లి: నేనింకా దూరం ఉమ్ముతా!

(తుపుక్! తుపుక్! తుపుక్! అందరూ పోటీ పడతారు. గుట్టంతా గింజలే.)

తోకమ్మ: తాతే గెలిచాడు!

గంతులు: మళ్లీ! ఇంకొక్కసారి! తాతా, నా పండులో సగం తీసుకో!

(కోతిపిల్లల కేరింతల మధ్య పేర్లు వస్తాయి.)