హాఫ్ లైఫ్ వేరు, డోసు గడువు వేరు

చెల్లీ, నువ్వు ఫోటో తీసి పంపిన ఫార్మకాలజీ హ్యాండౌట్ చూశాను. హాఫ్ లైఫ్, డోసింగ్ ఇంటర్వల్ అంటే డోసుకీ డోసుకీ మధ్య గడువు, పక్కపక్కనే ఉండేసరికి రెండూ ఒకటే అనుకున్నావు. ఫస్టియర్‌లో నేనూ అలాగే అనుకున్నాను.

రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం హాఫ్ లైఫ్. గుండె జబ్బుకిచ్చే డిగాక్సిన్ తీసుకో. కిడ్నీలు బాగున్నవాళ్లలో అది సుమారు 36 నుంచి 48 గంటలు. లెక్క కోసం 40 అనుకుందాం. ఇప్పుడు 100 వంతులుంటే 40 గంటలకు 50, 80 గంటలకు 25, 120కి 12.5, 160కి 6.25, 200కి 3 చిల్లర. ప్రతిసారీ పోయేది 50 కాదు, అప్పటికి మిగిలినదాంట్లో సగం. 80 గంటలకు మొత్తం పోతుందని రాసి మార్కులు పోగొట్టుకోకు.

ఇదే డిగాక్సిన్ రోజుకో మాత్ర ఇస్తే ఏమవుతుంది? నిన్నటిది సగం కూడా పోకముందే ఇవాళ్టిది వచ్చి కలుస్తుంది. అలా పేరుకుంటుంది. కానీ ఒంట్లో మందు పెరిగేకొద్దీ బయటికి పోయేదీ పెరుగుతుంది కాబట్టి, ఒక దశలో వచ్చేదీ పోయేదీ సమానమవుతాయి. అదే స్టెడీ స్టేట్. అక్కడికి చేరడానికి నాలుగైదు హాఫ్ లైఫ్‌లు, అంటే డిగాక్సిన్‌కి దాదాపు వారం పడుతుంది. అంతవరకు ఆగలేని పేషెంటుకి ముందే ఒక పెద్ద డోసు, అంటే లోడింగ్ డోసు ఇస్తారు.

కిడ్నీలు దెబ్బతింటే హాఫ్ లైఫ్ సాగిపోతుంది. డోసు మార్చకపోతే మందు మోతాదు మించి చేరి వాంతులు మొదలవుతాయి, పల్స్ పడిపోతుంది. అందుకే పెద్దవాళ్లకి డిగాక్సిన్ ఇచ్చే ముందు స్టెత్ గుండె మీద పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. 60 కంటే తక్కువుంటే డోసు ఆపి డాక్టరుకి చెప్పాలి. హడావుడిలో కూడా దీన్ని మాత్రం వదలకు.

ఇక గడువు సంగతి. అమాక్సిసిలిన్ హాఫ్ లైఫ్ గంట చిల్లర. అయినా గంటగంటకీ ఇవ్వం, సాధారణంగా 8 గంటలకోసారి ఇస్తాం. విషప్రభావం తక్కువ కాబట్టి డోసు పెద్దదే ఇవ్వొచ్చు. సగాలు సగాలుగా తగ్గుతున్నా, బ్యాక్టీరియాని ఆపే స్థాయికి పైన చాలాసేపు నిలుస్తుంది. ఆస్పిరిన్ అయితే రక్తంలో 20 నిమిషాలకే సగమవుతుంది. కానీ అది తాకిన ప్లేట్‌లెట్ బతికున్నన్నాళ్లూ కోలుకోదు, అందుకే గుండె పేషెంట్లకి రోజుకొక్కటి చాలు. అంటే హాఫ్ లైఫ్ ఒక్కటే చూసి గడువు పెట్టరు. మందు ఏ స్థాయి దాటితే ప్రమాదం, దాని పని ఎంతసేపు నిలుస్తుంది అన్నవీ చూస్తారు.

8 గంటలకోసారి అని రాసి ఉంటే ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. టిఫిన్‌కి, లంచ్‌కి, డిన్నర్‌కి అని ఇచ్చేస్తే రాత్రి గ్యాప్ ఎక్కువై, తెల్లారేసరికి ఒంట్లో మందు బాగా తగ్గిపోతుంది.

ఈ లెక్క చేసిపెట్టు: 400 మిల్లీగ్రాములు, హాఫ్ లైఫ్ 6 గంటలు, ఒక రోజు తర్వాత ఎంత మిగులుతుంది? నైట్ డ్యూటీ దిగాక ఫోన్ చేస్తాను.