కె. లక్ష్మీప్రసన్న పీహెచ్‌డీ దరఖాస్తుకు సిఫారసు లేఖ

విశాఖపట్నం,
12 మే 2025

పీహెచ్‌డీ ప్రవేశ సంఘం సభ్యులకు,
తెలుగు శాఖ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం,
హైదరాబాద్.

విషయం: కుమారి కె. లక్ష్మీప్రసన్న పరిశోధన ప్రవేశం గురించి

గౌరవనీయులైన ఆచార్యులకు నమస్కారం.

మా కళాశాలలో ఎం.ఏ. తెలుగు పూర్తిచేసిన కుమారి కె. లక్ష్మీప్రసన్న మీ శాఖలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకుంది. రెండేళ్లపాటు ఆమెకు భాషాచరిత్ర, శాసన భాష పాఠాలు చెప్పాను. చివరి రెండు సెమిస్టర్లలో ఆమె చేసిన ప్రాజెక్టుకు పర్యవేక్షకుడిని కూడా నేనే. ఆ ప్రాజెక్టు పేరు ‘సింహాచలం దీపదాన శాసనాల భాష’. మార్కులు దరఖాస్తులో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. మార్కుల పట్టికలో కనిపించని సంగతులు చెప్పడానికే ఈ ఉత్తరం.

సింహాచలం మా ఊళ్లోనే ఉంది. చందనోత్సవానికి వెళ్లి వరుసలో నిలబడని ఇల్లు ఇక్కడ అరుదు. అయినా ఆ గుడి స్తంభాల మీద, గోడల మీద ఉన్న రాత దగ్గర ఆగేవాళ్లు బహు తక్కువ. తరగతిలో కులోత్తుంగ చోళుడి కాలపు శాసనం గురించి చెప్పిన వారంలోనే ప్రసన్న గుడికి వెళ్లి వచ్చింది. వచ్చాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న రాజుల గురించి కాదు. “మాస్టారూ, దీపానికి ఇంత ఇచ్చానని రాయించుకున్న మనిషి, ఆ దీపం ఎందుకు పెట్టించాడో ఏ మాటతో చెప్పుకున్నాడు?” అని అడిగింది. ప్రాజెక్టు మొత్తం ఆ ప్రశ్నలోంచే పుట్టింది.

దక్షిణ భారత శాసనాల 6వ సంపుటంలో అచ్చయిన సింహాచలం శాసనాల నుంచి తూర్పు గాంగుల కాలానికి చెందిన 46 దీపదాన శాసనాలను ఆమె ఎంచుకుంది. అచ్చులో ఉన్న పాఠాన్నే నమ్ముకుని రాసి ఉంటే ప్రాజెక్టు రెండు నెలల్లో పూర్తయ్యేది. ఆమె అలా చేయలేదు. వాటిలో కంటికి అందే చోట ఉన్న పన్నెండింటిని అనుమతి తీసుకుని రాతి దగ్గరే నిలబడి సరిచూసుకుంది. ఆ పని కోసం పెట్టుకున్న నోటుపుస్తకం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. ప్రతి పేజీలో మూడు నిలువు గళ్లు. మొదటి గడిలో అచ్చులో ఉన్న పాఠం, రెండో గడిలో తన కంటికి కనిపించింది, మూడో గడిలో తాను ఊహించింది. అక్షరం అరిగిపోయిన చోట రెండో గడిని ఖాళీగా వదిలేసేది తప్ప, మూడో గడిలోని మాటను ఒక్కసారి కూడా రెండో గడిలోకి తేలేదు. శాసనాలు చదివేవాళ్లకు ఈ నిగ్రహం రావడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఒక పంక్తిలో ముందరి మాట తెలిస్తే తరువాతి మాట కంటికి దానంతటదే కనిపించినట్టు ఉంటుంది. నేనే ఒకసారి ఒక పేరును తొందరపడి పూర్తిచేయబోతే, “అక్కడ నాకు గుడి మాత్రమే కనిపించింది మాస్టారూ, హల్లు కనిపించలేదు” అని మెల్లగా అడ్డుకుంది. మర్నాడు వెళ్లి చూశాను. ఆమె చెప్పినదే సరి.

మరో సంఘటన చెప్పాలి. ఒక శాసనంలో శకవర్షమూ, రాజు ఏలుబడికి సంబంధించిన అంక సంవత్సరమూ రెండూ ఉన్నాయి. ఆమె వేసుకున్న కాలపట్టికలో ఆ రెండింటికీ మూడేళ్ల తేడా వచ్చింది. పక్కన పెన్సిలుతో ‘అచ్చుతప్పు?’ అని రాసుకుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. నాలుగు రోజుల తరువాత అధ్యాపకుల గదికి ఒక కాగితం పట్టుకుని వచ్చింది. దాని మీద 2, 3, 4, 5, 7, 8, 9, 10, 11 అంటూ 19 దాకా వరుసగా రాసి ఉంది. ఒకటి లేదు, ఆరు లేదు, పదహారు లేదు. “పంతొమ్మిదో అంకం అంటే పదహారో ఏడు మాస్టారూ, తప్పు అచ్చుది కాదు, నా లెక్కది” అంది. ఒకటినీ, ఆరుతో ముగిసే అంకెలనూ, పది తప్ప సున్నతో ముగిసే అంకెలనూ వదిలేసే ఆ లెక్కింపు పద్ధతిని నేను అప్పటికి పాఠంలో చెప్పలేదు. గ్రంథాలయంలో తనే వెతికి పట్టుకుంది. నాకు అంతకంటే నచ్చింది ఆ తరువాత చేసిన పని. తేడా కనిపించిన ఆ ఒక్క శాసనాన్నీ సరిదిద్ది ఊరుకోలేదు. అంక సంవత్సరం ఒక్కటే ఉండి, అనుమానానికి తావే లేదనిపించిన మిగతా శాసనాల తేదీలను కూడా మొదటి నుంచి మళ్లీ కట్టింది.

ఇక పరిశోధన ప్రతిపాదన విషయం. కోరిక నెరవేరడం కోసం దీపం పెట్టించామని చెప్పే ‘అభీష్టార్థసిద్ధిగాను’ వంటి ప్రయోగాల దగ్గర ఆమె చూపు ఆగింది. ఈ ‘గాను’ మనకు కొత్తది కాదు. ‘2024-25 ఆర్థిక సంవత్సరానికిగాను’ అని బడ్జెట్ వార్తల్లో రోజూ చదువుతున్నాం. శాసనంలో ‘గాను’ నేరుగా నామం మీద చేరి ప్రయోజనాన్ని చెబుతుంది, ఇప్పుడు ‘కి’ తరువాత వచ్చి చాలాసార్లు అంత బరువు లేకుండానే నిలుస్తుంది, ఈ మార్పు ఎప్పుడు, ఏ మెట్ల మీదుగా జరిగింది అన్నది ఆమె ప్రశ్న. ప్రాజెక్టు తొలి చిత్తుప్రతిలో మాత్రం ఇది ప్రశ్నగా లేదు. ఏడు వందల ఏళ్లుగా ఈ ప్రయోగం తెగకుండా వస్తోందని ఖాయంగా రాసేసింది. ఈ చివరా ఆ చివరా చూపించి మధ్యలో తాడు ఉందంటే ఎలా అని అడిగాను. రెండు రోజులు ముభావంగా ఉంది. మూడో రోజు ఆ అధ్యాయంలోని ఆరు పేజీలు తీసేసి, ఒకే పేరా రాసుకొచ్చింది. అందులో తన దగ్గర ఉన్న ఆధారం ఎంతో, లేనిది ఏదో విడివిడిగా చెప్పింది. మీకు పంపిన ప్రతిపాదన ఆ పేరా నుంచి పెరిగినదే. సింహాచలంతో పాటు శ్రీకూర్మం, ముఖలింగం శాసనాలను కలుపుకుని, ఆ మధ్య మెట్లను వెతకాలని ఆమె ఆలోచన. గిడుగు రామమూర్తి గారు ముఖలింగ శాసనాలను చదివిన నేల మాది. ఇక్కడి నుంచి ఒక అమ్మాయి మళ్లీ ఆ గోడల దగ్గరికి వెళ్తానంటే తెలుగు పాఠాలు చెప్పుకునేవాడిగా నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే ఆ సంతోషం కొద్దీ ఆమె లోపాలను దాచను.

మొదటిది సంస్కృతం. పాఠశాలలో గానీ కళాశాలలో గానీ ఆమె సంస్కృతం చదువుకోలేదు. తెలుగు భాగాన్ని ఎంత నిలకడగా చదువుతుందో, శ్లోకాల్లో ఉన్న ప్రశస్తి దగ్గర అంత తడబడుతుంది. మాటలతో అంకెలు చెప్పే చోట ఒకసారి ‘రామ’ శబ్దాన్ని ఒకటిగా తీసుకుంది. అది మూడని తెలిశాక శకవర్షం మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆ తరువాత ఇలాంటి మాటలకు సొంతంగా పట్టిక తయారుచేసుకుంది గానీ, పొడవైన సమాసాలను పట్టికతో విడదీయలేం. మొదటి సంవత్సరంలోనే సంస్కృతం క్రమపద్ధతిలో నేర్చుకోవడం తప్పనిసరి. ఒడియా లిపి కూడా ఇంకా రాదు. ఉత్తరాంధ్ర శాసనాలతో పనిచేసేవాళ్లకు అది నేడో రేపో అవసరమవుతుంది.

రెండోది రాత. ఆధారాలు పోగుచేయడంలో ఉన్న ఆత్రం, తన మాట చెప్పడంలో లేదు. 84 పేజీల ప్రాజెక్టులో అసలు వాదన ఏమిటో 50వ పేజీ దాటితే గానీ తెలియలేదు. చివరి ప్రతిలో దాన్ని ముందుకు తెచ్చింది, నేను చెప్పాక. తనంతట తాను తేగలిగే దశకు ఇంకా రాలేదు. ఈ కారణంగానే పని ఆలస్యమైంది కూడా. సరిచూసిన దాన్నే మళ్లీ సరిచూస్తూ గడువు మూడు వారాలు దాటించింది. సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదువుకుందన్నది నిజమే. కానీ ఆలస్యానికి అసలు కారణం అది కాదని ఆమె కూడా ఒప్పుకుంటుంది. వారానికి ఒక పేజీ రాసి చూపించమని గట్టిగా అడిగినప్పుడు మాత్రం ఒక్క వారం కూడా తప్పలేదు. ఆమెకు మార్గదర్శకులయ్యేవారు ఈ మాట గుర్తుంచుకుంటే ఇద్దరికీ మేలు.

ఆంగ్లంలోని పరిశోధన వ్యాసాలను అర్థం చేసుకుంటుంది, అయితే నెమ్మదిగా. సదస్సులో ఎవరైనా గట్టిగా ప్రశ్నిస్తే మొదట మౌనంగా ఉండిపోతుంది. మౌఖిక పరీక్షలో మీకు ఇది ఎదురుకావచ్చు. అప్పుడు ప్రశ్నను మరోలా అడగండి, లేదా ఒక శాసన పాఠం చేతికిచ్చి చదవమనండి. కాగితం చేతిలో ఉన్నప్పుడు ఆమె గొంతు వేరుగా ఉంటుంది.

ఈ లోపాలన్నీ ఇక్కడ రాస్తున్నానని ఆమెకు ముందే చెప్పాను. “సంస్కృతం సంగతి తప్పకుండా రాయండి మాస్టారూ, అక్కడికి వెళ్లాక తెలియడం కన్నా ముందే తెలియడం నయం” అంది.

ఎం.ఏ. విద్యార్థులకు పద్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పరిశోధనకు పంపమని నేను ఉత్తరం రాసినవాళ్లు ఐదుగురే. వాళ్లలో ప్రసన్న కన్నా బాగా రాయగలిగినవాళ్లు ఇద్దరున్నారు. చూసినదాన్నీ ఊహించినదాన్నీ ఇంత నిజాయితీగా వేరుచేసి పెట్టగలిగినవాళ్లు లేరు. మొదటిదాన్ని మంచి మార్గదర్శకులు నేర్పగలరు. రెండోది నేను నేర్పింది కాదు, ఆమె వెంట తెచ్చుకున్నది. మీ శాఖలో ప్రవేశానికి ఆమెను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను.

నోటుపుస్తకంలోని నాలుగు పేజీల నకలును, అంక సంవత్సరాల పట్టికను ఆమె అనుమతితో ఈ ఉత్తరానికి జతపరుస్తున్నాను. ప్రాజెక్టు పూర్తి ప్రతి కావాలంటే శాఖ నుంచి ఒక్క మాట రాయండి, వెంటనే పంపుతాను.

భవదీయుడు,

ఆర్. సూర్యనారాయణ
తెలుగు ఉపన్యాసకుడు
విశాఖపట్నం

జతపరచినవి: నోటుపుస్తకం నకలు (4 పేజీలు), అంక సంవత్సరాల పట్టిక (1 పేజీ)