విషయం: పలమనేరు చిల్లింగ్ సెంటర్‌లో పాల సేకరణ సూపర్‌వైజర్ ఉద్యోగం

ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్ గారికి నమస్కారం.

పలమనేరు సెంటర్‌కు సూపర్‌వైజర్ కావాలన్న మీ ప్రకటన చూశాను. వేసవిలో రూట్ల మీద పాలు చెడకుండా చూడగలిగిన వాళ్లు కావాలని అందులో రాశారు. ఆ పని నేను చేశాను. ఎలా చేశానో చెప్పడానికే ఈ మెయిల్.

మదనపల్లె దగ్గర ఒక ప్రైవేటు డెయిరీలో ఐదేళ్లుగా ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. 2024 మార్చిలో మా సాయంత్రం రూటు ఒకదాంట్లో రోజూ నాలుగైదు క్యాన్ల పాలు కాచి చూసే టెస్టులోనే విరిగిపోయేవి. 40 లీటర్ల క్యాను వెనక్కి పోయిందంటే ఏడెనిమిది ఇళ్ల పూట సంపాదన పోయినట్టే. రైతులు పొద్దుటి పాలు కలుపుతున్నారని సెంటర్‌లో అనుకునేవాళ్లు. నాకు నమ్మబుద్ధి కాలేదు. వ్యాన్‌లో డ్రైవర్ పక్కన కూర్చుని రూటంతా తిరిగి, ఏ ఊరి క్యాన్లు విరుగుతున్నాయో రాసుకున్నాను. దాదాపు అన్నీ సెంటర్‌కు దగ్గరి మూడు ఊళ్లవే! బండి వెళ్లేటప్పుడే వాటిని ఎక్కించుకుని, చివరి ఊరిదాకా పోయి తిరిగొచ్చేసరికి మూడు గంటలు దాటేది. ఆ ఎండల్లో చల్లబరచని పాలు అంతసేపు నిలవవు.

బండి ఖాళీగా చివరి ఊరికి వెళ్లి, తిరుగు దారిలో క్యాన్లు ఎత్తుకునేలా మార్పించాను. కిలోమీటర్లు అవే, డీజిల్ అంతే. కష్టమంతా ఊళ్లలోనే. దగ్గరి ఊళ్ల వాళ్లు ఆలస్యంగా పాలు పితకాలి. అది వంట వేళ అని ఆడవాళ్లు ఒప్పుకోలేదు, వాళ్ల మాటా సబబే. ఆ నెల బిల్లుల్లో విరిగిన పాలకు ఎంత కోత పడిందో ఒక్కో ఇంటికీ చూపిస్తే, సరే, ఒక వారం చూద్దామన్నారు. వారం తర్వాత పాత టైముకు మార్చమని ఎవరూ అడగలేదు.

ఇంకొకటి, క్యాను మూత రబ్బరు కింద పాత మీగడ పేరుకుని ఉండేది. పైపైన కడిగితే అది పోదు. రబ్బరు ఊడదీసి, వాషింగ్ సోడా వేసిన వేడినీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెట్టడం ప్రతి సెంటర్‌లో దగ్గరుండి నేర్పించాను. ఎండలు ముదిరిన మే నెలలో ఆ రూటులో వారానికి ఒకటి రెండు క్యాన్లకు మించి తిప్పి పంపలేదు. రైతులెవరూ పాలు వేరే డెయిరీకి మార్చలేదు. నాకు అదే పెద్ద తృప్తి.

డెయిరీ టెక్నాలజీలో డిప్లొమా చేశాను. ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్., కల్తీ టెస్టులు స్వయంగా చేస్తాను. మీ సెంటర్‌కు వచ్చే రూట్లలో ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఏదో చెబితే, ఇంటర్వ్యూకి ముందే ఒకసారి ఆ బండిలో తిరిగి వస్తాను. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఫోన్‌లో తీరిగ్గా మాట్లాడగలను. నంబరు రెజ్యూమెలో ఉంది. ఉద్యోగం ఇస్తే, ఇక్కడ నెల నోటీసు ఇచ్చి చేరగలను.

ఇట్లు,
వెంకటరమణ
మదనపల్లె