గూట్లో దీపం: నూర్ ఆయత్, దాని వివరణ

(రంజాన్ నెలలో, మైదుకూరు దగ్గరి మా పల్లె మసీదులో తరావీహ్ నమాజు తర్వాత చదవడానికి రాసుకున్న పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.

అన్నలారా, తెర వెనక కూర్చున్న అక్కలారా, అమ్మలారా, అస్సలాము అలైకుమ్. మన ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటాం కాబట్టి పాఠం కూడా తెలుగులోనే. ఈ రోజు చదివేది ఖురాన్ 24వ సూరా, సూరా నూర్‌లోని 35వ ఆయత్. ముందు ఆయత్‌ను పూర్తిగా విందాం.

అల్లాహు నూరుస్సమావాతి వల్ అర్జ్. మసలు నూరిహీ కమిష్కాతిన్ ఫీహా మిస్బాహ్. అల్ మిస్బాహు ఫీ జుజాజహ్. అజ్జుజాజతు కఅన్నహా కౌకబున్ దుర్రియ్యుయ్ యూఖదు మిన్ షజరతిమ్ ముబారకతిన్ జైతూనతిల్ లా షర్ఖియ్యతివ్ వలా గర్బియ్యహ్. యకాదు జైతుహా యుజీఉ వలౌ లమ్ తమ్సస్‌హు నార్. నూరున్ అలా నూర్. యహ్దిల్లాహు లినూరిహీ మయ్ యషా. వయజ్రిబుల్లాహుల్ అమ్సాల లిన్నాస్. వల్లాహు బికుల్లి షైఇన్ అలీమ్.

అర్థం: "ఆకాశాలకూ భూమికీ వెలుగు అల్లాహ్. ఆయన వెలుగుకు పోలిక ఇది: గోడలో ఒక గూడు. అందులో దీపం. దీపం గాజులో ఉంది. ఆ గాజు ముత్యంలా మెరిసే నక్షత్రంలా ఉంది. శుభం నిండిన జైతూన్ చెట్టు నూనెతో ఆ దీపం వెలుగుతోంది. ఆ చెట్టు తూర్పుదీ కాదు, పడమరదీ కాదు. నిప్పు తగలకపోయినా దాని నూనె తనంతట తనే వెలిగేటట్టుంది. వెలుగు మీద వెలుగు. అల్లాహ్ తాను కోరిన వారికి తన వెలుగు వైపు దారి చూపుతాడు. మనుషుల కోసం అల్లాహ్ పోలికలు చెబుతాడు. అల్లాహ్‌కు అన్నీ తెలుసు."

మొదట ఒక మాట సరిచేసుకుందాం. చాలామంది "అల్లాహ్‌ను దీపంతో పోల్చారు" అంటారు. ఆయత్‌లో ఉన్నది "మసలు నూరిహీ", అంటే ఆయన వెలుగుకు పోలిక. ఆయనకు పోలిక లేదు. "ఆయన లాంటిది ఏదీ లేదు" అని 42వ సూరా 11వ ఆయత్ తేల్చి చెప్పింది. అందుకే ఖురాన్‌కు వివరణ చెప్పిన ముఫస్సిర్లు "అల్లాహ్ ఆకాశాలకూ భూమికీ వెలుగు" అన్నచోట ఎంతో జాగ్రత్త పడ్డారు. ఇబ్న్ అబ్బాస్ (రజియల్లాహు అన్హు) దానికి "ఆకాశాల్లో, భూమిలో ఉన్నవారికి దారి చూపేవాడు" అని అర్థం చెప్పారు. "వాటి వ్యవహారాలు నడిపేవాడు" అన్న వివరణ కూడా ఉంది. మనం కంటితో చూసే వెలుతురును ఆయనే పుట్టించాడు. పుట్టించిన వస్తువు, పుట్టించినవాడు ఒకటి కావు.

మరి ఆ పోలిక ఎవరి గురించి? సహాబాల్లో ఖురాన్ బాగా తెలిసిన ఉబయ్ ఇబ్న్ కాబ్ (రజియల్లాహు అన్హు) ఈ చోట "విశ్వాసి వెలుగుకు పోలిక" అని చెప్పేవారు. విశ్వాసి గుండెలో అల్లాహ్ పెట్టిన ఈమాన్, ఖురాన్, ఆ వెలుగే ఇది. అటువంటి మనిషి ఐదు వెలుగుల మధ్య తిరుగుతాడన్నారు ఉబయ్. అతని మాట వెలుగు, పని వెలుగు, లోపలికి రావడం వెలుగు, బయటికి పోవడం వెలుగు, ఖియామత్ రోజున చేరేది కూడా వెలుగు దగ్గరికే. కాబ్ అహ్బార్ అయితే గూడు ప్రవక్త (స) రొమ్ము, గాజు ఆయన హృదయం, దీపం ఆయన నుబువ్వత్ అన్నారు. ఇటువంటి మాటలెన్నిటినో ఇమామ్ తబరీ (క్రీ.శ. 923లో కన్నుమూశారు) తన తఫ్సీర్‌లో ఒక్కచోట చేర్చిపెట్టారు.

ఇప్పుడు గూడు దగ్గరికి వద్దాం. "మిష్కాత్" అంటే గోడకు ఆ పక్కకు రంధ్రం పడని గూడు అని చాలామంది అన్నారు. ఆ మాట హబషా దేశపు భాషలోది అన్నవాళ్లూ ఉన్నారు. ముజాహిద్ అనే ముఫస్సిర్ లాంటి వారు దీపంలో వత్తి నిలబడే చోటు అన్నారు. మొదటి అర్థం మనకు చెప్పనక్కరలేదు. పాత మట్టి మిద్దెల్లో పుట్టినవాళ్లం. వంటింటి గోడలో, తలవాకిలి పక్కన గూడు, పైన మసి చార, కింద నూనె మరక, అందరికీ గుర్తే. "గూట్లో దీపం, నోట్లో ముద్ద" అని మా అవ్వ పొద్దుగూకగానే పిలిచేది. ఆ గూడుకు వెనకవైపు దారి ఉండదు. గాలి ఒక పక్కనుంచే వస్తుంది కాబట్టి దీపం ఆరదు. వెలుతురు నాలుగు దిక్కులా చెదరకుండా ఒక్క ముఖంగా ఇంట్లోకి వస్తుంది. నడిమింట్లో పెడితే మూలలు చీకటిగా ఉండే చిన్న దీపం, గూట్లో పెడితే ఇల్లంతా కనిపించేటట్టు చేస్తుంది. రొమ్మును గూడుతో పోల్చడంలో ఉన్న అందం ఇదే అని నాకనిపిస్తుంది. ఇరుకుగా ఉండడమే దాని బలం.

పోయిన వారం ఒక పిల్లోడు నన్ను అడిగాడు: "ఆకాశమంత వెలుగును పోల్చాలంటే సూర్యుడు ఉన్నాడు కదా మామా, చిన్న దీపం ఎందుకు?" ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (క్రీ.శ. 1210లో కన్నుమూశారు) ఇదే ప్రశ్న వేసుకుని జవాబు రాశారు. సూర్యుడు వస్తే చీకటే మిగలదు, అంతా వెలుతురే. కానీ మనుషుల మనసుల్లో అనుమానాలు, భ్రమలు చీకటిలా కమ్ముకుని ఉంటాయి. ఆ చీకటి నడుమ వెలిగే హిదాయత్‌కు చీకట్లో వెలిగే దీపమే సరైన పోలిక. నాకు ఈ జవాబు ఎంతో ధైర్యం ఇస్తుంది. చుట్టూ చీకటి ఉన్నంత మాత్రాన దీపం లేదని కాదు కదా.

తర్వాత గాజు. లాంతరు వాడినవాళ్లకు తెలుసు, సాయంత్రం మొదటి పని చిమ్నీ తుడవడం. బూడిద వేసి గుడ్డతో మెల్లగా రుద్దాలి. నిన్నటి మసి అట్లే వదిలేస్తే వత్తి ఎంత పెంచినా పొగే తప్ప వెలుతురు రాదు. ముఫస్సిర్లు గాజును హృదయం అన్నారు. ఇక్కడ ఒక హదీసు చెప్పుకోవాలి, తిర్మిజీలో ఉంది. మనిషి పాపం చేస్తే అతని గుండె మీద నల్ల చుక్క పడుతుంది. మానుకుని తౌబా చేస్తే గుండె మళ్లీ మెరుగు పడుతుంది. తిరిగి పాపానికి దిగితే చుక్కలు పెరిగి గుండెను కప్పేస్తాయి. ఇబ్న్ కసీర్ (క్రీ.శ. 1373లో కన్నుమూశారు) కూడా ఈ ఆయత్ కింద విశ్వాసి హృదయాన్ని స్వచ్ఛమైన గాజుతోనే పోల్చారు. గాజుకు సొంత వెలుగు లేదు. దాని పని అడ్డం పడకుండా ఉండడం, గాలి నుంచి కాపాడడం. అంతే. అయినా అల్లాహ్ దాన్నే "ముత్యంలా మెరిసే నక్షత్రం" అన్నాడు. లోపలి దీపం వల్ల గాజుకు వచ్చిన గౌరవం అది.

మన దూదేకుల ఇళ్లలో ఒకప్పుడు దూది ఏకే విల్లు ఉండేది. మా తాత పరుపులకు ఏకగా మిగిలిన మంచి దూదిని అవ్వ వత్తులకు తీసి పెట్టేది. గింజ, తుక్కు ఏమాత్రం ఉన్నా వత్తి చిటపటమంటుందని మళ్లీ మళ్లీ ఏరేది. మనల్ని నూర్ బాషాలు అంటారు. ఆ పేరులోనూ నూర్ అన్న మాట వినిపిస్తుంది. ఆ పేరు పెట్టుకున్నవాళ్లం ఈ ఆయత్ అర్థం తెలుసుకోకుండా ఉంటే ఎట్లా?

ఇక చెట్టు. "తూర్పుదీ కాదు, పడమరదీ కాదు." దీని మీద పెద్దలు రకరకాలుగా చెప్పారు. ఇబ్న్ అబ్బాస్ నుంచి, ఇక్రిమా నుంచి వచ్చిన మాట ఇది: ఆ చెట్టు బయలులో ఉంది. కొండ, గుహ, ఇంకో చెట్టు, ఏదీ దానికి నీడ పట్టదు. పొద్దున ఎండా తగులుతుంది, సాయంత్రం ఎండా తగులుతుంది. అటువంటి చెట్టు నూనె చాలా తేటగా ఉంటుంది. ఇబ్న్ కసీర్ దీన్నే ఎంచుకున్నారు. హసన్ బస్రీ మాత్రం "ఇది ఈ లోకపు చెట్టే అయితే తూర్పుదో పడమరదో అయి ఉండేది" అన్నారు. అంటే అది అల్లాహ్ చెప్పిన పోలిక మాత్రమే అని. రెండూ పెద్దల మాటలే, ఒకదాన్ని తోసెయ్యనక్కరలేదు. రైతుగా నాకు మొదటిది చప్పున అర్థమవుతుంది. చేను గట్టున చింతచెట్టు ఉంటే దాని నీడ పడినంత మేర చెనిక్కాయ సరిగా కాయదు. తూర్పు గట్టున ఉంటే పొద్దుటి ఎండ పోతుంది, పడమటి గట్టున ఉంటే సాయంత్రపు ఎండ పోతుంది. ఏ పక్కా అడ్డం లేని చేనే గింజ నిండుతుంది.

"నిప్పు తగలకపోయినా వెలిగేటట్టుంది." అల్లాహ్ మనిషిని పుట్టించినప్పుడే మంచిని గుర్తుపట్టే గుణం లోపల పెట్టాడు. దాన్నే ఫిత్రత్ అంటారు. వహీ రాకముందే ఆ నూనె తళతళలాడుతూ ఉంటుంది. వహీ నిప్పులా తగిలితే భగ్గున అందుకుంటుంది. అప్పుడు "నూరున్ అలా నూర్". సుద్దీ అనే ముఫస్సిర్ దీన్ని చక్కగా చెప్పారు: నిప్పు వెలుగు, నూనె వెలుగు రెండూ కలిస్తేనే దీపం. ఒకటి లేనిదే ఇంకొకటి వెలగదు. ఖురాన్ వెలుగు, ఈమాన్ వెలుగు కూడా అంతే. ఇబ్న్ అబ్బాస్ మాటలో ఆ రెండు వెలుగులు మనిషి ఈమాన్, అతని అమల్.

ఇమామ్ గజాలీ (క్రీ.శ. 1111లో కన్నుమూశారు) ఈ ఆయత్ వివరణతో "మిష్కాతుల్ అన్వార్" అనే గ్రంథమే రాశారు. గూడు మన ఇంద్రియాలు, గాజు ఊహ, దీపం బుద్ధి, చెట్టు కొమ్మలు కొమ్మలుగా సాగే ఆలోచన, నూనె ప్రవక్తలకు దక్కే పవిత్రమైన శక్తి అని ఆయన వివరించారు. అది లోతైన దారి. ఈ రాత్రికి పేరు చెప్పి వదులుతున్నాను.

కానీ పక్క ఆయత్‌లను వదలలేను. 36వ ఆయత్ "ఇళ్లలో" అని మొదలవుతుంది, అల్లాహ్ తన పేరు తలచుకోవడానికి అనుమతించిన ఇళ్లు. దీపం వెలిగేది ఆ ఇళ్లలోనే అని, అవి మసీదులు అని ముఫస్సిర్లు కలిపి చదివారు. 37వ ఆయత్‌లో ఆ ఇళ్లలో ఉన్నవాళ్ల గుర్తు చెప్పాడు: వ్యాపారం గానీ అమ్మకం గానీ వాళ్లను అల్లాహ్ ధ్యానం నుంచి మళ్లించదు. వాళ్లు వ్యాపారం మానేశారనలేదు. పసుపు ధర పడిపోయిందని, బోరులో నీళ్లు తగ్గాయని మనకుండే టెన్షన్ అల్లాహ్‌కు తెలుసు. సంతకు పోండి, బేరం చేయండి, అజాన్ వినబడితే లేవండి.

39లో ఎండమావి వస్తుంది. ఎండాకాలం మన బయళ్లలో మిట్టమధ్యాహ్నం నీళ్లలా కదిలేది చూశాం కదా, దప్పికైనవాడు దాని దగ్గరికి పోతే ఏమీ ఉండదు. అవిశ్వాసంతో చేసిన పనులు అట్లాంటివి అన్నాడు. 40లో నడిసముద్రం చీకటి: అల మీద అల, పైన మబ్బు, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. "అల్లాహ్ ఎవరికి వెలుగు ఇవ్వలేదో వారికి వెలుగే లేదు."

కాబట్టి అడుగుదాం. ఇబ్న్ అబ్బాస్ పిల్లవాడిగా ఉన్నప్పుడు తన పిన్నమ్మ, ప్రవక్త (స) భార్య మైమూనా (రజియల్లాహు అన్హా) ఇంట్లో ఒక రాత్రి పడుకున్నారు. ఆ రాత్రి ప్రవక్త (స) చేసిన దుఆ ఆయన విన్నారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. చేతులెత్తండి, నా వెంట మెల్లగా చెప్పండి.

ఓ అల్లాహ్, నా గుండెలో వెలుగు పెట్టు. నా చూపులో వెలుగు పెట్టు. నా వినికిడిలో వెలుగు పెట్టు. నా కుడివైపు వెలుగు, ఎడమవైపు వెలుగు. నా పైన వెలుగు, నా కింద వెలుగు. నా ముందు వెలుగు, నా వెనక వెలుగు. నాకు వెలుగు ప్రసాదించు.

ఆమీన్.