జూన్ 14 మినిట్స్: తిరగరాసిన ప్రతి

అమ్మా,

మన జీడి రైతుల సంఘం సమావేశం మినిట్స్‌కు నువ్వు రాసిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. ఒక్క విషయం కూడా వదల్లేదు, దానికి సంతోషం. ఇంకా ఎవరూ సంతకాలు పెట్టలేదు కాబట్టి ఇప్పుడు మార్చుకోవచ్చు. పుస్తకంలోకి ఎక్కాక కొట్టివేతలు ఉండకూడదు.

"స్టోర్ ఇన్‌చార్జి ఎప్పటిలాగే ఆలస్యంగా చెప్పారు" అని రాశావు. రిజిస్టర్ తీసి చూశాను. పైకప్పు రేకులు పగిలాయని ఆయన ఏప్రిల్ 22నే రాసి పెట్టారు. "ఎప్పటిలాగే" అన్న మాటకు మన దగ్గర ఆధారం లేదు. "కోశాధికారి డబ్బులు ఇవ్వకపోవడం వల్లే పిక్కలు తడిశాయని అందరూ అన్నారు" అన్నది ఇంకో వాక్యం. అలా అన్నది ఇద్దరు. కొటేషన్ రాకుండా చెల్లించడానికి వీల్లేదని ఆయన అదే సమావేశంలో చెప్పారు, అది నీ ప్రతిలో లేదు. "తీరా", "కనీసం", "అప్పటికి గానీ" లాంటి చిన్న మాటలు కూడా తీసేశాను. పేరు పెట్టకపోయినా అవి వేలు చూపిస్తాయి.

తప్పు కప్పిపెట్టమని చెప్పడం లేదు. ఏప్రిల్ 22 తేదీని అలాగే ఉంచాను, అది జరిగిన విషయం. 2018లో తిత్లీ తుఫాను తర్వాత పడిపోయిన చెట్ల లెక్క గురించి మన పుస్తకంలో ఇలాంటి వాక్యం ఒకటి పడింది. దాని వల్ల ఇద్దరు సభ్యులు మూడేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోలేదు. లెక్క మాత్రం ఎవరు సరిచేయాలో అందులో రాయలేదు.

నీ ప్రతిలో "త్వరలో చూడాలి" అని నాలుగు చోట్ల ఉంది. ఎవరు, ఎప్పటిలోగా అన్నది ఫోన్ చేసి అందరినీ అడిగి కింద రాశాను.

కార్యవర్గ సమావేశం మినిట్స్

తేదీ: 2025 జూన్ 14, శనివారం, ఉదయం 10.30. స్థలం: పలాసలోని సంఘం గోదాము. హాజరు: అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి, స్టోర్ ఇన్‌చార్జి, నలుగురు సభ్యులు.

జరిగినది: జూన్ 9 రాత్రి వానకు గోదాము ఉత్తరం వైపు పైకప్పు నుంచి నీరు కారింది. నిల్వలో ఉన్న 62 బస్తాల (ఒక్కోటి 80 కిలోలు) జీడి పిక్కల్లో 18 బస్తాలు తడిశాయి. అవి 11 మంది రైతులవి. రేకులు పగిలినట్టు ఏప్రిల్ 22న స్టోర్ రిజిస్టర్‌లో నమోదైంది. మరమ్మతుకు కొటేషన్ అందలేదు, ఖర్చు మంజూరు కాలేదు.

తీర్మానం 1. తడిసిన 18 బస్తాలను విడిగా పెట్టి, కళ్లంలో పల్చగా పరిచి ఆరబెట్టాలి. ఎండ లేని రోజు షెడ్డులో ఫ్యాన్ల కింద ఆరబెట్టాలి. మీటరుతో చూసి తేమ 9 శాతం లోపు ఉన్నవాటినే తిరిగి నిల్వ చేయాలి. బూజు పట్టినవి వేరు చేసి బరువు రాయాలి. బాధ్యత: స్టోర్ ఇన్‌చార్జి. గడువు: జూన్ 18.

తీర్మానం 2. పగిలిన 6 రేకులు మార్చాలి. ఖర్చు రూ.15,000 మించకూడదు. రెండు కొటేషన్లు తేవడం: కోశాధికారి, జూన్ 17. ఆమోదం: అధ్యక్షురాలు, జూన్ 18. పని పూర్తి చేయించడం: స్టోర్ ఇన్‌చార్జి, జూన్ 21. అప్పటిదాకా మిగిలిన 44 బస్తాలను చెక్క బల్లల మీదకు ఎత్తి, పైన టార్పాలిన్ కప్పాలి. ఈ పని ఈరోజు సాయంత్రంలోగా స్టోర్ ఇన్‌చార్జి చేయిస్తారు.

తీర్మానం 3. ఇకపై మరమ్మతు అవసరాన్ని రిజిస్టర్‌లో రాసిన రోజే దాని ఫోటో కార్యదర్శికి వాట్సాప్‌లో పంపాలి. మూడు రోజుల్లో కార్యదర్శి రాతపూర్వకంగా జవాబివ్వాలి. అమలు: జూన్ 16 నుంచి.

నిర్ణయం కానిది: 18 బస్తాల నష్టాన్ని ఎవరు భరించాలన్నది చర్చకు వచ్చింది. ఆరిన తర్వాత బరువు తెలిసే వరకు వాయిదా వేశారు. జూన్ 28 సమావేశంలో మొదటి అంశంగా తీసుకుంటారు. ఈ సంగతి 11 మంది రైతులకు జూన్ 17లోగా కార్యదర్శి స్వయంగా చెబుతారు.

కోశాధికారి కోరిక మేరకు నమోదు: కొటేషన్ లేకుండా చెల్లింపు చేయకూడదన్నది సంఘం నియమమని ఆయన తెలిపారు.

ఇదమ్మా ప్రతి. స్టోర్ ఇన్‌చార్జికీ కోశాధికారికీ ఈ రాత్రే పంపు. వాళ్లు చెప్పిన మాటకూ ఇక్కడ రాసిన మాటకూ తేడా ఉందంటే నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే. సోమవారం పొద్దున్న పుస్తకంలోకి ఎక్కించి, అధ్యక్షురాలి సంతకం తీసుకుందాం.

కార్యదర్శి